పులిహోర చేసే విధానాన్ని వరుస తప్పకుండా నోటితో చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లల కోసం జరిగే వారాంతపు తరగతుల్లో, ఒక వంటకం చేసే విధానాన్ని కాగితం చూడకుండా చెప్పమని అడగడం మామూలే. పిల్లలూ, వారికి ఇంట్లో సాయం చేసే పెద్దలూ ఈ పని గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఉదాహరణలన్నిటికీ చింతపండు పులిహోరనే తీసుకున్నాము. అందులో పులుసు, పోపు, అన్నం అనే మూడు పనులు విడివిడిగా మొదలై చివరకు ఒక పళ్ళెంలో కలుస్తాయి కాబట్టి, వరుస చెప్పడంలో వచ్చే చిక్కులన్నీ ఆ ఒక్క వంటకంలోనే కనబడతాయి.

రాసిన విధానాన్నే గట్టిగా చదివితే సరిపోదా?

సరిపోదు. చదివేవాడికి సందేహం వస్తే కన్ను పై వాక్యానికి తిప్పుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు, పైగా అతని చేతిలో గరిటె ఉంటుంది. అతను మాట విన్నంతవరకే పని చేస్తాడు, విన్న వెంటనే చేస్తాడు. అందువల్ల నోటితో చెప్పేటప్పుడు మాటల వరుసే పనుల వరుస కావాలి. 'ఇంగువ వేయాలి, అయితే ముందు మంట తగ్గించాలి' అని చెబితే, రెండో సగం వినబడేసరికి ఇంగువ కాగిన నూనెలో పడి మాడిపోయి ఉంటుంది. కాగితం మీద ఈ వాక్యంలో తప్పేమీ లేదు. పొయ్యి దగ్గర మాత్రం ఇది తప్పు.

పులిహోర విధానం మొత్తం చెబితే ఎలా ఉంటుంది?

ఇలా ఉంటుంది. ఒకసారి గట్టిగా చదివి చూడండి.

'నేను చింతపండు పులిహోర ఎలా చేయాలో చెబుతాను. ఇది నలుగురికి సరిపోతుంది. ముందుగా పెద్ద నిమ్మకాయంత చింతపండును ఒక గ్లాసు వేడినీళ్ళలో నానబెట్టాలి. అది నానేలోపు రెండు గ్లాసుల బియ్యం కడిగి, మామూలుగా పోసే దానికన్నా నీళ్ళు కాస్త తగ్గించి, అన్నం పొడిపొడిగా వండుకోవాలి. అన్నం ఉడికాక దాన్ని వెడల్పాటి పళ్ళెంలోకి తీసి, వేడి తగ్గకముందే అర చెంచా పసుపు, రెండు చెంచాల నూనె, ఒక రెమ్మ పచ్చి కరివేపాకు వేసి, మెతుకు విరగకుండా కలిపి, పళ్ళెమంతా పరిచి ఆరనివ్వాలి.

అన్నం ఆరుతుండగా పులుసు పని చూడాలి. నానిన చింతపండును పిసికి, చిక్కటి గుజ్జు తీసి, పిప్పి పారేయాలి. తర్వాత ఒక గిన్నెలో మూడు చెంచాల నూనె వేడి చేసి, అందులో చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, అవి కాస్త వేగగానే గుజ్జు పోయాలి. అందులో ఉప్పు, చిటికెడు పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి, నూనె పైకి తేలే వరకు సన్నటి మంట మీద ఉడికించాలి.

ఈలోపు రెండో పొయ్యి మీద పోపు వేసుకోవాలి. బాణలిలో నూనె కాగాక మంట తగ్గించి, మొదట వేరుశనగ గుళ్ళు వేయాలి. అవి సగం వేగాక శనగపప్పు, ఆ వెనుక మినప్పప్పు వేసి, పప్పులు ఎర్రబడే వరకు కలుపుతూ ఉండాలి. ఆ పైన ఆవాలు, ఎండుమిరపకాయలు వేయాలి. ఆవాలు చిటపటలాడగానే ఇంగువ, కరివేపాకు వేసి, వెంటనే పొయ్యి కట్టేయాలి.

ఇప్పుడు ఆరిన అన్నం మీద ముందు పులుసు, దాని మీద పోపు వేసి, చేత్తో గానీ చెక్క గరిటెతో గానీ కింద నుంచి పైకి కలపాలి. చివరగా ఉప్పు చూసి, మూత పెట్టి, అరగంట పక్కన ఉంచాలి.'

ఇందులో 'తర్వాత' అనే మాట ఒక్కసారే వచ్చింది. ప్రతి అడుగుకూ 'తర్వాత' అనడం తప్పా?

తప్పు కాదు, కానీ దానివల్ల వినేవాడికి కొత్తగా ఏమీ తెలియదు. రెండో పని మొదటి పని వెనుక వస్తుందని, మాట వెనుక మాట వినబడటం వల్లనే అతనికి తెలుసు. అతనికి తెలియాల్సింది వేరు. ఎంతసేపు ఆగాలి? ఏది చూసి కదలాలి? రెండు పనులకూ మధ్య ఖాళీ ఉందా, లేదా?

ఈ ప్రశ్నలకు తెలుగులో క్రియ చివరి భాగమే జవాబు చెబుతుంది. 'వేగాక' అంటే ఆ పని పూర్తయిందని, 'వేగగానే' అంటే పూర్తయిన క్షణానే కదలమని, 'వేగే వరకు' అంటే అందాకా ఆగమని, 'వేగుతుండగా' అంటే అది జరుగుతున్నప్పుడే ఇంకో పని చేయమని, 'వేగేలోపు' అంటే అది ముగిసేసరికి రెండో పని తెమలాలని అర్థం. 'ఆవాలు చిటపటలాడాక ఇంగువ వేయాలి' అంటే కాస్త ఆలస్యమైనా ఫరవాలేదని వినేవాడు అనుకోవచ్చు. 'చిటపటలాడగానే' అంటే అతను ఇంగువ డబ్బా మూత ముందే తీసి పెట్టుకుంటాడు. పోపులో ఈ రెండింటికీ ఉన్న తేడా కొన్ని క్షణాలే అయినా, ఆ క్షణాల్లోనే ఆవాలు నల్లబడి చేదెక్కుతాయి.

పిల్లలు ప్రతి వాక్యాన్నీ 'తర్వాత, తర్వాత' అని మొదలుపెడుతుంటే ఆ మాటను నిషేధించడం కన్నా ఒక చిన్న షరతు పెట్టడం మేలు. 'తర్వాత' అనాలనిపించిన చోటల్లా దాని ముందు 'ఏమైన తర్వాత?' అని అడగండి. 'పప్పులు ఎర్రబడిన తర్వాత' అని జవాబు వస్తే వాక్యం బాగుపడినట్లే. జవాబు రాకపోతే అక్కడ ఆ మాట అవసరం లేదు, 'వేసి, కలిపి' అని ఒకే వాక్యంలో చెప్పవచ్చు. గుజ్జు తీసి పిప్పి పారేసిన చోట మన కథనంలో 'తర్వాత' ఉండనిచ్చాము. అక్కడ ఒక పని పూర్తిగా ముగిసి, గిన్నె మారుతోంది.

'వేసి' ఎక్కడ అనాలి, 'వేశాక' ఎక్కడ అనాలి?

రెండు పనులూ చేసేది ఒకరే అయినప్పుడు 'వేసి, కలిపి, తీసి' అనే క్త్వార్థక రూపాలు వాడవచ్చు. 'బియ్యం కడిగి వండాలి' అన్నప్పుడు కడిగేదీ వండేదీ ఒకరే. కానీ 'ఆవాలు చిటపటలాడి ఇంగువ వేయాలి' అనకూడదు. చిటపటలాడేవి ఆవాలు, ఇంగువ వేసేది మనిషి. అలా కర్త మారిన చోట 'చిటపటలాడాక' అనో 'చిటపటలాడగానే' అనో అనాలి. 'అన్నం ఉడికి పళ్ళెంలోకి తీయాలి', 'నూనె కాగి పల్లీలు వేయాలి' అనే వాక్యాలు మా తరగతుల్లో తరచుగా వినబడతాయి. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు ఈ నియమాన్ని ఎవరూ విడిగా చెప్పి ఉండరు. 'వాన కురిసి పైరు పండింది' వంటి వాక్యాల్లో కర్త మారినా వాక్యం నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ మొదటిది రెండోదానికి కారణం. వంట చెప్పేటప్పుడు ఆ మినహాయింపుతో పని పడదు.

'వేసి'తో ఇంకో చిక్కు ఉంది. దాన్ని ఎన్నిసార్లయినా గొలుసుగా కలుపుకుంటూ పోవచ్చు కాబట్టి, 'పిసికి, తీసి, పారేసి, పోసి, వేసి, కలిపి, ఉడికించి' అంటూ ఊపిరాడకుండా సాగిపోతారు. వినేవాడు మూడో పని దగ్గరే ఆగిపోయి ఉంటాడు. ఒకే గిన్నెలో, చేయి ఆపకుండా చేసే పనులను మాత్రమే ఒక గొలుసుగా చెప్పి, గిన్నె మారిన చోటగానీ, ఆగి చూడాల్సిన చోటగానీ వాక్యాన్ని ముగించాలి. ఈ లెక్కన పోపులో నాలుగైదు చిన్న వాక్యాలు వస్తాయి, పసుపు అన్నం కలిపే చోట మాత్రం ఒక పొడుగాటి వాక్యం వచ్చినా ఇబ్బంది ఉండదు.

'ముందు' అనే మాట ఎందుకు తికమక పెడుతుంది?

ఎందుకంటే అది మూడు పనులు చేస్తుంది. 'ముందు పులుసు పోయాలి' అంటే వరుసలో మొదటిది. 'పోపు వేసే ముందు పులుసు దించాలి' అంటే ఫలానా పనికన్నా ముందు. 'చింతపండు ముందే నానబెట్టుకోవాలి' అంటే వంట మొదలుకాకముందే సిద్ధంగా ఉంచుకోవాలి. రాతలో పక్కమాటలు చూసి అర్థం చేసుకుంటాం. మాటలో 'వేసే ముందు' అన్నది 'వేసి ముందు' లాగానో, 'వేయాలి, ముందు' లాగానో వినబడవచ్చు, అందులోనూ ఫోనులో చెప్పేటప్పుడు.

మా సలహా ఇది. వరుసలో మొదటిదానికి 'ముందుగా' లేదా 'మొదట' అనండి. సిద్ధం చేసుకోవాల్సిన వాటికి 'ముందే' అనండి, అదీ చెప్పడం మొదలుపెట్టినప్పుడే అనండి. 'వేసే ముందు' అనే రూపాన్ని మాత్రం వీలైనంతవరకు వదిలేయండి. అది ఇంకా చేయకూడని పని పేరును ముందుగా పలుకుతుంది. 'పోపు వేసే ముందు పులుసు దించాలి' అనే బదులు 'పులుసు దించి, పోపు వేయాలి' అంటే వరుస దానంతటదే కుదురుతుంది. 'వేడి తగ్గకముందే పసుపు వేయాలి' అనే వాక్యానికి మాత్రం ఈ అభ్యంతరం లేదు. వేడి తగ్గడం మనం చేసే పని కాదు కాబట్టి ఎవరూ తొందరపడి చేసేయరు.

రెండు పొయ్యిల మీద ఒకేసారి జరిగే పనులను ఏ వరుసలో చెప్పాలి?

నోటికి ఒక్క వరుసే ఉంది, వంటింటికి రెండు మూడు ఉంటాయి. అన్నం ఆరుతోంది, పులుసు ఉడుకుతోంది, పోపు వేగుతోంది. వీటిలో వదిలేసినా చెడనిది ఏదో ముందు తేల్చుకోవాలి. సన్నటి మంట మీద పులుసు పది నిమిషాలు తనంతట తాను ఉడుకుతుంది, అన్నం ఆరడానికి మనిషి అక్కర్లేదు. పోపును మాత్రం క్షణం కూడా వదలకూడదు. కాబట్టి ఆగగలిగిన పనిని మొదలుపెట్టించి, 'ఈలోపు' అని, ఆగలేని పనిని మధ్యలో తెగకుండా చివరిదాకా చెప్పాలి. పోపు చెబుతూ మధ్యలో 'అన్నట్టు పులుసు ఒకసారి కలపండి' అంటే ఒకటి అడుగంటుతుందో లేదో గానీ రెండోది మాడటం ఖాయం.

'ఈలోపు' అన్నాక, ఆ పని ముగియగానే వినేవాడిని మొదటి పనికి తిరిగి తీసుకురావడం చెప్పేవాడి బాధ్యత. పై కథనంలో 'ఇప్పుడు ఆరిన అన్నం మీద' అన్న చోట ఆ పని జరిగింది. 'అన్నం మీద పులుసు పోయాలి' అని మాత్రమే ఉంటే, ఆ అన్నం ఆరిందో లేదో చూసుకోవాలన్న గుర్తు ఉండదు. వేడి అన్నంలో పులుసు పోసి కలిపితే మెతుకులు నలిగి ముద్దవుతుంది.

ఒకే పొయ్యి ఉన్న గదుల్లో, అంటే మారతహళ్ళి వైపు పీజీల్లోనో చిన్న అద్దె గదుల్లోనో వండుకునేవారికి చెబుతుంటే 'ఈలోపు' పనికిరాదు. అప్పుడు అన్నం, పులుసు, పోపు అనే వరుసలో ఒకటి దించాక ఒకటి అని చెప్పాలి. వినేవారికి పొయ్యిలు ఎన్ని ఉన్నాయో అడిగి మొదలుపెట్టడం మంచిది.

నిమిషాలు చెప్పాలా, గుర్తులు చెప్పాలా?

గుర్తు తప్పనిసరి, నిమిషాలు తోడుగా చెప్పవచ్చు. పులుసు పది నిమిషాల్లో దగ్గరపడుతుందన్నది గిన్నె వెడల్పును బట్టీ, గుజ్జులో నీళ్ళను బట్టీ మారుతుంది. నూనె పైకి తేలడం మాత్రం ఏ ఇంట్లోనైనా అదే గుర్తు. అలాగే పప్పులకు రంగు, ఆవాలకు శబ్దం, ఇంగువకు వాసన గుర్తులు. 'వరకు', 'గానే' అనే రూపాల ముందు నిమిషాల కన్నా ఇలాంటి గుర్తులు చక్కగా అమరుతాయి. నానబెట్టడానికీ, చివర పక్కన ఉంచడానికీ మాత్రం కంటికి కనిపించే గుర్తు సరిగా ఉండదు కాబట్టి అక్కడ సమయమే చెప్పాలి.

కావాల్సిన పదార్థాలన్నీ మొదట్లోనే చదివేయాలా?

పేర్లు చెప్పండి, కొలతలు అక్కర్లేదు. పది పదార్థాల కొలతలను ఒక్కసారి విని ఎవరూ గుర్తుంచుకోలేరు. కొలతను ఆ పదార్థం వేసే చోటే చెబితే చాలు. రెండు చోట్ల వాడే వాటి విషయంలో జాగ్రత్త అవసరం. పులిహోరలో పసుపు అన్నంలోనూ పులుసులోనూ పడుతుంది, కరివేపాకు అన్నంలోనూ పోపులోనూ పడుతుంది, ఉప్పు మాత్రం పులుసులోనే పడుతుంది. ఆ సంగతి చెప్పకపోతే పసుపు వేసే చోట అలవాటు కొద్దీ ఉప్పు కూడా వేసేస్తారు. 'ఉప్పు ఇప్పుడు వద్దు, పులుసులో వేద్దాం' అన్న ఒక్క మాట అక్కడ చాలు.

'చివరగా' ఎక్కడ అనాలి?

ఒక్కసారే, నిజంగా ఆఖరి పని దగ్గర. పోపు ముగిసిన ఉత్సాహంలో 'చివరగా కరివేపాకు వేయాలి' అనేస్తారు, ఆపైన కలపడం గుర్తొచ్చి 'చివరగా అన్నీ కలపాలి' అంటారు, మళ్ళీ 'చివరగా మూత పెట్టాలి' అంటారు. మొదటి 'చివరగా' వినగానే వినేవాడు పని అయిపోయిందనుకుని పొయ్యి దగ్గరనుంచి కదులుతాడు. ఒక భాగం మాత్రమే ముగిస్తే 'పోపులో ఆఖరుగా' అని ఆ భాగం పేరు కలిపి చెప్పాలి.

మా పిల్లలు 'నెక్స్ట్' అంటారు, 'ఆమేలె' అంటారు. దిద్దాలా?

'ఆమేలె' కన్నడ మాట, బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువారి నోట అది సహజంగానే వస్తుంది. తరగతిలో తెలుగు రూపాలు అలవాటు చేయడానికి 'ఆ పైన', 'ఆ తర్వాత' అనమంటాము, అంతకుమించి పట్టుబట్టము. వరుస సరిగ్గా ఉండి మాట ఒకటి కన్నడంలో దొర్లినా వంట చెడదు. 'నెక్స్ట్' విషయంలో మాత్రం కాస్త గట్టిగానే ఉంటాము. అది 'తర్వాత' చేసే పనే చేస్తుంది, 'వేగాక', 'వేగగానే' వంటి రూపాలను నేర్చుకోనివ్వకుండా అడ్డుపడుతుంది.

ఇంకో చిన్న మాట. వినేవారిలో కన్నడిగులుంటే పులిహోర అనగానే వారికి పులియోగరె గుర్తుకొస్తుంది. అందులో వేయించి కొట్టిన మసాలా పొడి పడుతుంది, ఎండుకొబ్బరి, నువ్వులు కూడా వేసుకుంటారు. పొడి ఎప్పుడు వేయాలని మధ్యలో అడగకుండా, 'ఇందులో పొడి ఉండదు' అని మొదట్లోనే చెప్పేస్తే మేలు.

'వేయాలి', 'వేయండి', 'వేద్దాం' వీటిలో ఏది సరైనది?

మూడూ సరైనవే. మొదలుపెట్టినదాన్నే చివరిదాకా కొనసాగించాలి. తోటి పిల్లలతో చెబుతుంటే 'వేయాలి' హాయిగా ఉంటుంది, పెద్దలతో అయితే 'వేయండి' అనాలి.

చెబుతూ మధ్యలో ఒక అడుగు మరిచిపోతే ఏం చేయాలి?

గుర్తొచ్చిన చోటే దాన్ని ఇరికించకూడదు. మొదట చేయి ఆపించాలి: 'ఒక్క నిమిషం ఆగండి, మంట తగ్గించండి.' ఆ తర్వాత ఎక్కడి మాటో చెప్పాలి: 'ఇందాక పులుసులో పచ్చిమిరపకాయలు వేగగానే గుజ్జు పోయమన్నాను కదా, అక్కడ బెల్లం చెప్పలేదు.' ఆపైన ఇప్పుడు ఏం చేయాలో చెప్పాలి: 'పులుసు ఇంకా ఉడుకుతోంది కాబట్టి ఇప్పుడే వేసి కలపండి.' చివరకు, ఆగిన చోటును మళ్ళీ గుర్తుచేయాలి: 'ఇక పోపు దగ్గరికి వద్దాం, పప్పులు ఎర్రబడ్డాయా?'

కొన్ని అడుగులను అలా వెనక్కి వెళ్ళి వేయలేము. అన్నంలో పచ్చి కరివేపాకు వేయడం మరిచిపోతే, అన్నం చల్లారాక వేసినా ఆ వాసన పట్టదు. వేరుశనగ గుళ్ళను ఆవాల వెనుక వేస్తే, అవి వేగేసరికి ఆవాలు మాడతాయి. అలాంటప్పుడు కరివేపాకును వదిలేసి పోపులో ఇంకాస్త ఎక్కువ వేయమనాలి, గుళ్ళను విడిగా కొంచెం నూనెలో వేయించి కలిపేటప్పుడు చల్లమనాలి.